‘సగం పట్టు, సగం నూలు’ అంటే ఎంత?

ఆ షీట్‌లో ఒక గీత దగ్గర నా కన్ను ఆగిపోయింది. ‘బరువు: 80 జీఎస్‌ఎం’ అని ఉంది. పక్కనే నా చేతిలో ఉన్న స్టోల్ ఊదితే ఎగిరిపోయేలా ఉంది.

మంగళగిరి పరిసరాల్లో నేయించి విదేశాలకు పంపే ఒక చిన్న సంస్థకు నేను ఇంగ్లీషు ప్రోడక్ట్ షీట్లు రాసిపెడుతుంటాను. మాస్టర్ వీవర్ తెలుగులో చెప్పిన వివరాలు, రంగుల దగ్గర రాసుకున్న చీటీలు, నేతగాళ్లు ఫోన్‌లో చెప్పిన మాటలు నా దగ్గరికొస్తాయి. వాటిని కొనుగోలుదారు చదివే భాషలోకి మార్చడం నా పని. ఆ రోజు చూస్తున్న షీటు నాకంటే ముందు ఎవరో రాసింది. దాని ఆధారంగా జర్మనీ నుంచి ఆర్డర్ వచ్చింది, సరుకు వెళ్లింది, తిరిగి ఫిర్యాదు వచ్చింది. స్టోల్ పలచగా ఉందని, షీట్‌లో చెప్పిన బరువులో సగం కూడా లేదని కొనుగోలుదారు రాశాడు.

నేతలో లోపమేమీ లేదు. నేసినాయన చెప్పింది కూడా నిజమే. ఆయన చెప్పింది ‘80వ నంబరు నూలు’ అని. షీట్ రాసిన మనిషి ఆ 80ని బరువు అనుకున్నాడు.

నంబరు పెరిగితే సన్నన, జీఎస్‌ఎం పెరిగితే మందం

నూలు నంబరు, గుడ్డ బరువు ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి. నూలు నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. లెక్క ఇంగ్లీషువాళ్ల కాలం నాటిది. 840 గజాల పొడవున్న చిలపలు ఎన్నయితే ఒక పౌను తూగుతాయో ఆ అంకే నంబరు. 80వ నంబరంటే 80 చిలపలు, అంటే 67,200 గజాల దారం ఒక పౌను తూగుతుందన్నమాట. మన లెక్కలోకి మారిస్తే కిలోమీటరు దారం 7.4 గ్రాములు. 40వ నంబరైతే దానికి రెట్టింపు బరువు.

జీఎస్‌ఎం అలా కాదు. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె అది. అంకె పెరిగితే గుడ్డ మందం. జిరాక్స్ కాగితాల కట్ట మీద చాలాసార్లు 80 జీఎస్‌ఎం అని కనిపిస్తుంది, అదీ ఇదే కొలత. 80 జీఎస్‌ఎం గుడ్డంటే పలచటి చొక్కా గుడ్డ. మన స్టోల్ అందులో సగం కూడా లేదు. షీటు చదివి చొక్కా గుడ్డంత మందాన్ని ఊహించుకున్న మనిషి చేతిలోకి గాలిలాంటి గుడ్డ వస్తే ఫిర్యాదు చేయక ఏం చేస్తాడు?

ఈ తికమక ఇంకో రూపంలోనూ వస్తుంది. నేతగాళ్లు ‘టూ బై ఎయిటీ’ అంటే రెండు 80వ నంబరు పోగులు కలిపి పేనిన దారం. దాని లావు 40వ నంబరు ఒంటిపోగుతో సమానం. ఆ ‘టూ బై’ని వదిలేసి 80 అని మాత్రమే రాస్తే గుడ్డ ఉన్నదానికంటే రెట్టింపు సన్నగా ఉంటుందని చదివినవాళ్లు అనుకుంటారు. అందుకే నంబరు రాసిన చోటల్లా అది ఒంటిపోగో రెండు పోగులో కూడా రాస్తాను. నంబరును నూలు గడిలోనే ఉంచుతాను, బరువు గడిలోకి రానివ్వను.

బరువు గడి ఖరీదైనది కూడా. నూటికి 85 పాళ్లకు తగ్గకుండా నూలే ఉన్న గుడ్డ 200 జీఎస్‌ఎం లోపుంటే కస్టమ్స్‌వారు దాన్ని 5208 శీర్షిక కింద వేస్తారు, 200 దాటితే 5209 కింద. మన పలచటి గుడ్డలకు ఆ గీత దూరం. కానీ దుప్పటి గుడ్డలు, పరదా గుడ్డలు పంపేవాళ్లకు అది దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ షీట్‌లోని అంకె ఓడరేవు కాగితాల దాకా వెళ్తుంది.

‘నూలు’ అన్న మాటలో దాగిన గుంట

బరువు సంగతి తేలాక కూర్పు గడి చూశాను. అక్కడ ‘సిల్క్ కాటన్, 50–50’ అని ఉంది. నేసిన బాబాయ్‌కి ఫోన్ చేశాను.

“బాబాయ్, ఆ నేరేడు రంగు స్టోల్‌లో ఏముంది?”

“పట్టు బై కాటన్ అమ్మా. పడుగు పట్టునూలు, పేక నూలు. సగం పట్టు, సగం నూలు.”

తెలుగు తెలిసినవాళ్లకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. అయితే ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది ‘నూలు’. మనకు నూలంటే పత్తి దారం, నూలంటే దారం కూడా. ‘నూలు చీర’ అన్నప్పుడు పత్తి, ‘పట్టునూలు’ అన్నప్పుడు ఉత్త దారం. ‘పడుగు పట్టునూలు’ అంటే పడుగంతా పట్టేనని. దాన్ని ముక్కలు చేసి పట్టు ఒకటి, నూలు ఒకటి అనుకుంటే పడుగులోనే పత్తి కలిసినట్టు లెక్క తయారవుతుంది. పాత షీట్లలో ఈ తప్పు నాకు ఒకటికి రెండుసార్లు ఎదురైంది.

రెండోది ‘సిల్క్ కాటన్’. మన బజారులో అది అందరికీ తెలిసిన పేరే. కానీ ఇంగ్లీషులో ‘సిల్క్ కాటన్’ అంటే బూరుగు దూది అనే అర్థం ఎప్పట్నుంచో ఉంది. బూరుగు చెట్టునే వాళ్లు ‘సిల్క్ కాటన్ ట్రీ’ అంటారు. యూరప్ చట్టంలోని పీచుల జాబితాలో బూరుగు జాతి దూదికి ‘కపాక్’ అని విడిగా పేరుంది. లేబుల్ మీద రెండు పీచులను ఒక పేరుగా కలిపి రాయడానికి వీల్లేదు. ఒక్కో పీచు పేరు, దాని పక్కన బరువులో దాని శాతం, ఎక్కువ ఉన్నది ముందు. యూరోపియన్ యూనియన్ 2011లో చేసిన 1007వ నంబరు రెగ్యులేషన్ చెప్పేది ఇదే. ‘సిల్క్’ అన్న మాటను అసలు పట్టుకు తప్ప దేనికీ వాడకూడదని కూడా అదే చెబుతుంది. మన దగ్గర ‘ఆర్ట్ సిల్క్’ అని అమ్మేదాన్ని అక్కడ విస్కోస్ అనో పాలిస్టర్ అనో, ఏదైతే అదే రాయాలి.

ఇక ‘సగం సగం’ మాట. బాబాయ్ అబద్ధమాడలేదు. ఆయన కళ్లముందున్నది మగ్గం. మగ్గం మీద గుడ్డకు రెండు సగాలు, పడుగు, పేక. ఒక సగం పట్టు, ఇంకో సగం నూలు. కానీ చట్టం అడిగేది త్రాసు మీది సగం.

పోగు పోగుగా తూచిన లెక్క

స్టోల్‌ను తెల్లకాగితం మీద పరిచి, పోగులు లెక్కపెట్టే పిక్ గ్లాస్ అనే చిన్న భూతద్దం పెట్టాను. అంగుళానికి పడుగు 80 పోగులు, పేక 64. చేనేతలో పేక చోటుచోటుకీ మారుతుంది. పొద్దున కొట్టిన దెబ్బ, సాయంత్రం కొట్టిన దెబ్బ ఒక్కలా ఉండవు. అందుకే అయిదు చోట్ల లెక్కపెట్టి సగటు తీసుకున్నాను.

అంగుళానికి 64 పేక పోగులంటే మీటరుకు దాదాపు 2,520. ఒక్కొక్కటీ మీటరు పొడవు కాబట్టి చదరపు మీటరు గుడ్డలో రెండున్నర కిలోమీటర్ల పేక ఉంది. 80వ నంబరు నూలు కిలోమీటరుకు 7.4 గ్రాములని పైన చూశాం. రెండూ గుణిస్తే 18.6 గ్రాముల నూలు.

పడుగు అంగుళానికి 80, మీటరుకు 3,150. అంటే మూడు కిలోమీటర్ల పైచిలుకు పట్టు. ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. పట్టు లావును డెనియర్‌లో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములో అదే డెనియర్. ఈ పడుగు 20–22 డెనియర్ పోగులు రెండు కలిపినది, అంటే 42 డెనియర్ చొప్పున కిలోమీటరుకు 4.7 గ్రాములు. కానీ అది పచ్చి పట్టు బరువు. రంగు వేసే ముందు పట్టును సోడా, సబ్బు నీళ్లలో ఉడికిస్తారు. పట్టుపురుగు పోగుకు పూసిన జిగురు అక్కడ కరిగిపోతుంది. దాంతో బరువు నాలుగో వంతు దాకా తగ్గుతుంది. కొన్నప్పుడు రాసుకున్న డెనియర్‌తో లెక్క వేస్తే స్టోల్‌లో లేని జిగురును కూడా పట్టుగా లెక్కపెట్టినట్టే. ఉడికిన పట్టును విడిగా తూచి చూస్తే కిలోమీటరుకు 3.6 గ్రాములే వచ్చింది. ఆ లెక్కన చదరపు మీటరుకు 11.3 గ్రాముల పట్టు.

నూలు 18.6, పట్టు 11.3. పోగులు గుడ్డలో మెలికలు తిరుగుతూ ఒకదాని కిందా మీదా సాగుతాయి కాబట్టి అసలు పొడవు కొద్దిగా ఎక్కువే ఉంటుంది. రెండింటికీ ఒక అయిదు శాతం చొప్పున కలిపితే చదరపు మీటరుకు దాదాపు 31 గ్రాములు. పాళ్లు మాత్రం మారవు. నూలు నూటికి 62, పట్టు నూటికి 38.

సగం సగం అనుకున్నది ఇది! పట్టు పోగులే సంఖ్యలో ఎక్కువ, కానీ సన్నం. నూలు పోగులు తక్కువ, కానీ లావు. లేబుల్ మీద నూలు ముందుకొస్తుంది, పట్టు వెనక్కి పోతుంది. రాసిన శాతానికీ పరీక్షలో తేలిన శాతానికీ యూరప్ నిబంధన మూడు పాళ్ల తేడా వరకు ఒప్పుకుంటుంది. 50కీ 38కీ మధ్య తేడా 12.

లెక్క నిజమో కాదో చూసుకోవడానికి పాడైన ఒక స్టోల్ ముక్కను ఉతికి, ఆరబెట్టి, సూదితో పడుగూ పేకా విడదీసి బంగారం తూచే చిన్న త్రాసు మీద వేశాను. ఈ పని ఓపిక అడుగుతుంది. అరచేతిలో పట్టే ముక్కకే పూట గడిచిపోతుంది. తూకం లెక్కకు ఒక శాతం అటూ ఇటుగా వచ్చింది. వానాకాలంలో మాత్రం ఈ తూకాన్ని నేను నమ్మను. పట్టూ నూలూ గాలిలోని తేమను పీల్చుకుంటాయి, అదీ సమానంగా కాదు. అందుకే వ్యాపారపు లెక్కలో పొడి బరువు మీద నూలుకు 8.5 శాతం, పట్టుకు 11 శాతం తేమ కలిపి శాతాలు కడతారు. ల్యాబులు గుడ్డను ఒకే తేమ, ఒకే వేడి ఉన్న గదిలో ఉంచి తూచేదీ అందుకే.

ల్యాబు చేసే పరీక్ష వేరు. అక్కడ పోగులు విడదీస్తూ కూర్చోరు. ముక్కను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో వేస్తారు. పట్టు మాంసకృత్తు కాబట్టి అందులో కరిగిపోతుంది, పత్తి మిగులుతుంది. మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి తూస్తే పత్తి ఎంతో తేలుతుంది, పోయినది పట్టు. ఈ హైపోక్లోరైట్ సంగతి గుర్తుంచుకోండి, ఉతికే దగ్గర మళ్లీ వస్తుంది.

ఒక జరీ అంచు, రెండు లేబుళ్లు

స్టోల్‌కు రెండు వైపులా సన్నటి జరీ అంచు ఉంది. పాత షీట్‌లో దాన్ని ‘గోల్డెన్ థ్రెడ్’ అని రాశారు. చదివినవాళ్లు బంగారం ఉందనుకునే మాట అది. జరీ అన్న పేరు కింద మన బజారులో కనీసం మూడు రకాలున్నాయి. వెండి తీగను పట్టు పోగు చుట్టూ చుట్టి బంగారం పూత వేసినది అసలు జరీ. రాగి తీగకు పూత వేసినది టెస్టెడ్ జరీ. మెరుపు పూసిన పాలిస్టర్ పొరను సన్నగా కోసి ఏదో ఒక పోగు మీద చుట్టినది ప్లాస్టిక్ జరీ. ఈ స్టోల్‌ది మూడోది. ఆ మాట బాబాయ్ దగ్గర కాక, జరీ కొన్న బిల్లు చూసి నిర్ధారించుకున్నాను.

పూర్తి స్టోల్ 28 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు. సెంటీమీటర్లలో 71, 203. మొత్తం తూకం 48.4 గ్రాములు. అందులో నూలు 28.2, పట్టు 17.2, జరీ 3. అంటే జరీ నూటికి 6.2 పాళ్లు.

ఇక్కడే నాకు ఈ పని మీద గౌరవం పెరిగే సంగతి ఒకటుంది. యూరప్ నిబంధన ప్రకారం అలంకారం కోసమే వేసిన, కంటికి కనిపించే, విడదీయగల పీచు మొత్తం బరువులో 7 శాతం దాటకపోతే దాన్ని కూర్పు లెక్కలోంచి వదిలేయవచ్చు. అమెరికాలో ఆ హద్దు 5 శాతం. దాటితే లెక్కలో చేర్చాల్సిందే. మన జరీ 6.2. ఒకే మగ్గం మీద, ఒకే చేయి నేసిన ఒకే స్టోల్‌కు అలా రెండు లేబుళ్లు వస్తాయి. జర్మనీకి వెళ్లేదాని మీద ‘62% కాటన్, 38% సిల్క్’. అమెరికాకు వెళ్లేదాని మీద ‘58% కాటన్, 36% సిల్క్, 6% మెటాలిక్’. రెండూ నిజమే. ఒకదాన్ని ఇంకోదాని స్థానంలో పెడితే మాత్రం తప్పే. షీట్ పైన ఏ దేశానికో రాయకుండా కూర్పు గడి నింపడం ఆ రోజుతో మానేశాను.

బరువు గడిలో ఇప్పుడేం రాయాలో కూడా తేలింది. 48.4 గ్రాములను 1.44 చదరపు మీటర్లతో భాగిస్తే 33.6. జరీ లేని నడిమి గుడ్డ ఒక్కటే అయితే 31. ‘సగటు బరువు 33 జీఎస్‌ఎం, అంచుతో కలిపి, ఒక ఉతుకు తర్వాత, అయిదు శాతం హెచ్చుతగ్గులు, ఒక్కో స్టోల్ సుమారు 48 గ్రాములు’ అని రాశాను. ‘ఒక ఉతుకు తర్వాత’ అన్నది కావాలనే పెట్టాను. మగ్గం దిగిన గుడ్డలో పడుగుకు పట్టించిన గంజి ఉంటుంది. తూకంలో అదీ కలుస్తుంది. కొన్నవాళ్లు ఒకసారి ఉతకగానే అది నీళ్లలో పోతుంది, గుడ్డ తేలికవుతుంది, షీట్ అబద్ధమవుతుంది.

‘ఉప్పునీళ్లలో నానబెట్టాలి’ అన్న మాటను ఎలా మార్చాలి?

ఉతుకు గురించి బాబాయ్ చెప్పిన మాటలు ఇవి: “మొదట రెండు ఉతుకులు విడిగా ఉతకాలి. ఉప్పునీళ్లలో కాసేపు నానబెడితే మంచిది. కుంకుడు రసమైతే మరీ మంచిది. పిండకూడదు. నీడన ఆరేయాలి. ఇస్త్రీ లోపలి వైపు, మీద గుడ్డ వేసి.” మన ఇళ్లలో తరాలుగా నడిచిన మాటలివి. పాత షీట్‌లో వీటన్నిటికీ బదులు రెండే మాటలున్నాయి, ‘డ్రై వాష్ ఓన్లీ’.

‘డ్రై వాష్’ మన వాడుకలోని మాట. బయటి కొనుగోలుదారుకు అది ‘డ్రై క్లీన్’ అయి ఉండాలి. అసలు ఇబ్బంది ఆ తర్వాతి మాటతో. 1971లో అమెరికా తెచ్చిన కేర్ లేబుల్ నిబంధన ప్రకారం లేబుల్ మీద రాసిన ప్రతి సూచనకూ తగిన ఆధారం ఉండాలి. ‘డ్రై క్లీన్ మాత్రమే’ అంటే నీళ్లలో ఉతికితే పాడవుతుందని చెప్పడం. పాడవుతుందని మనం పరీక్షించామా? లేదు. యూరప్‌లో పైన చెప్పిన 2011 చట్టం ఉతుకు గుర్తులను అడగదు, కొనుగోలుదారులే అడుగుతారు. అడిగేది ఐఎస్‌ఓ 3758 ప్రమాణంలోని అయిదు బొమ్మలను, అదే వరుసలో. తొట్టి ఉతుకుకు, త్రికోణం బ్లీచింగుకు, చతురస్రం ఆరేయడానికి, ఇస్త్రీపెట్టె ఇస్త్రీకి, వృత్తం డ్రై క్లీనింగుకు.

ఈ అయిదు గడులనూ నింపేటప్పుడు పట్టుకోవాల్సిన సూత్రం ఒక్కటే. గుడ్డలో అన్నిటికంటే బలహీనమైనది దేన్ని తట్టుకుంటుందో అదే మొత్తం గుడ్డ సూచన. నూలు బాగా కాలిన ఇస్త్రీపెట్టెను తట్టుకుంటుంది, మూడు చుక్కల వేడి. పట్టుకు అంత పనికిరాదు. ప్లాస్టిక్ జరీ అయితే ఆ వేడికి ముడుచుకుని అంచంతా అలలు తేలుతుంది. కాబట్టి ఇస్త్రీపెట్టె బొమ్మలో ఒక్క చుక్కే. ‘లోపలి వైపు, మీద గుడ్డ వేసి’ అన్నదానికి బొమ్మ లేదు. దాన్ని మాటల్లోనే పక్కన చేర్చాలి.

త్రికోణం మీద అడ్డగీతలు, బ్లీచ్ వద్దని. ఇది ఎవరో పెట్టిన ఆచారం కాదు. ల్యాబులో పట్టును కరిగించిన హైపోక్లోరైటే ఇళ్లలో తెల్లగుడ్డలకు వాడే క్లోరిన్ బ్లీచ్‌లో ఉండేది. ఈ స్టోల్‌ను దాంట్లో ముంచి వదిలేస్తే పడుగు పోయి పేక పోగుల కుప్ప మిగులుతుంది.

తొట్టి దగ్గర ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే రంగు విషయంలో తెలుగులో ఉన్న స్పష్టత చాలా ఇంగ్లీషు షీట్లలో కనిపించదు. రంగు దిగడం వేరు, వెలవడం వేరు, అంటడం వేరు. నీళ్లలోకి దిగి పక్కగుడ్డకు పట్టేది మొదటిది. ఎండకూ వాడకానికీ కళ తప్పేది రెండోది. పొడిగా రుద్దుకున్నా పక్కదానికి వచ్చేది మూడోది. ఇంగ్లీషులో వీటికి బ్లీడింగ్, ఫేడింగ్, క్రాకింగ్ అని మూడు మాటలున్నాయి, మూడింటికీ వేరువేరు పరీక్షలున్నాయి, ఒక్కోదానికీ మార్కులుంటాయి. ‘రంగు పోవచ్చు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే మూడింటిలో ఏదో చెప్పనట్టే. నేతగాణ్ని అడగాల్సిన ప్రశ్న, “రంగు దిగుతుందా, వెలుస్తుందా, అంటుతుందా?”

ఈ స్టోల్‌లో నూలుకూ పట్టుకూ రంగులు వేరు. నూలుకు వేసినది రియాక్టివ్ రంగు, పీచుతో రసాయనికంగా కలిసిపోతుంది. పట్టుకు వేసినది ఆసిడ్ రంగు, ఉతుకులో దానంత గట్టిగా నిలవదు. ల్యాబులో గోరువెచ్చటి నీళ్లలో ఉతికి చూస్తే పక్కన కుట్టిన తెల్లటి నూలు ముక్కకు రంగు పెద్దగా పట్టలేదు, తెల్లటి పట్టు ముక్కకు కొంచెం పట్టింది. పొడవు 203 నుంచి 198 సెంటీమీటర్లకు దిగింది, అంటే రెండున్నర శాతం కుంచించుకుంది. దాంతో సూచన తేలింది. తొట్టిలో చేయి బొమ్మ, అంటే చేత్తో ఉతకాలని. పక్కన మాటల్లో ‘30 డిగ్రీలు దాటని నీళ్లు, మైల్డ్ డిటర్జెంట్, విడిగా ఉతకండి’.

ఉప్పునీళ్లు షీట్‌లోకి వెళ్లలేదు. మన ఇంట్లో అది నమ్మకం, లేబుల్ మీద అది హామీ. ఉప్పుతో ఈ రంగు నిలుస్తుందని పరీక్షించనప్పుడు ఆ హామీ నేనెలా ఇవ్వను? కుంకుడు రసం కూడా అంతే. దాని వెనకున్న మంచి ఉద్దేశం, అంటే గాఢమైన సబ్బు వద్దన్నది, ‘మైల్డ్ డిటర్జెంట్’ అన్న మాటలో బతికింది. ‘పిండకూడదు’ మాటల్లో అలాగే వెళ్లింది.

‘నీడన ఆరేయాలి’ అన్నదానికి మాత్రం బొమ్మే ఉందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషమైంది. చతురస్రంలో నిలువుగీత ఒకటి, అంటే తీగ మీద ఆరేయమని. ఎడమ పైమూలన రెండు ఏటవాలు గీతలు, అంటే నీడలో. పాత షీటు ఆ మాటను పూర్తిగా వదిలేసింది. దానితో పాటు యంత్రంలో ఆరబెట్టవద్దనే గుర్తు కూడా పెట్టాం. చివరి వృత్తంలో ఏం పెట్టాలన్నది ల్యాబే చెప్పింది. ‘ఎఫ్’ అక్షరం, కింద ఒక గీత, అంటే హైడ్రోకార్బన్ ద్రావకంతో నెమ్మదిగా డ్రై క్లీన్ చేయవచ్చని. ‘మాత్రమే’ అన్న మాట పోయింది.

షీట్‌లో చేరిన తెలుగు గడి

ఫిర్యాదు చేసిన కొనుగోలుదారుకు కొత్త షీట్, ల్యాబు కాగితం, క్షమాపణ వెళ్లాయి. 33 జీఎస్‌ఎం అన్న అంకె చూసి వేసవికి ఇదే బాగుంటుందని ఆయన మళ్లీ ఆర్డర్ పెట్టాడు, కానీ మొదటి సరుకు మీద ధర తగ్గించమన్నాడు. సంస్థ తగ్గించింది. ఒక్క 80 ఖరీదు అది.

ఆ తర్వాత నేను చేసిన మార్పు చిన్నది. ప్రతి ఇంగ్లీషు గడి పక్కన ఒక తెలుగు గడి పెట్టాను. అందులో నేతగాడు చెప్పిన మాట చెప్పినట్టే ఉంటుంది: ‘పడుగు పట్టునూలు, రెండు పోగులు, ఉడికినది’, ‘పేక 80 ఒంటిపోగు’, ‘జరీ ప్లాస్టిక్, అంచుకు ఇన్ని వరసలు’. షీట్ పూర్తయ్యాక ఆ గడులే బాబాయ్‌కి ఫోన్‌లో చదివి వినిపిస్తాను. ఇంగ్లీషు ఆయనకు అక్కర్లేదు. తన మాట సరిగ్గా ఎక్కిందో లేదో ఆయనకు తెలిస్తే చాలు.

మొన్న కొత్త ఆర్డర్‌కు అలా చదువుతుంటే జరీ వరసల దగ్గర ఆయన ఆపారు.

“అమ్మా, ఈసారి అంచు నిండుగా ఉంటుందని ఇంకో రెండు వరసలు వేశాం. అదేమన్నా రాయాలా?”

ఒక స్టోల్ తెప్పించి తూచాను. జరీ 3 గ్రాములున్నది 3.8 అయింది. మొత్తం 49.2 గ్రాముల్లో అది 7.7 శాతం. జర్మనీ హద్దు కూడా దాటింది. అంటే ‘62% కాటన్, 38% సిల్క్’ అన్న లేబుల్ ఇక ఈ సరుకుకు చెల్లదు. ‘57% కాటన్, 35% సిల్క్, 8% మెటలైజ్డ్ ఫైబర్’ అని మార్చి ప్రెస్సుకు పంపాను. అప్పటికి లేబుళ్లు ఇంకా అచ్చు కాలేదు.